మా బాబాయి కొలిచి పెట్టే నమస్కారం

మా బాబాయి ఎవరికీ ఊరికే నమస్కారం పెట్టడు. ముందు మనిషిని కాళ్ళ దగ్గర్నుంచి పైకి చూస్తాడు. చెప్పులు, ప్యాంటు అంచు, చేతి గడియారం, చొక్కా కాలరు, చివరికి ముఖం. ముఖం దగ్గర ఎక్కువసేపు ఆగడు, ఎందుకంటే అప్పటికే లెక్క తేలిపోయి ఉంటుంది. ఈ మనిషికి ఎంత మర్యాద ఇవ్వొచ్చో తేల్చుకున్నాక అప్పుడు నోరు తెరుస్తాడు.

కంటాసుపత్రిలో అడుగుపెట్టగానే కనిపించే కౌంటర్లో చాలా ఏళ్ళుగా ఆయన కూర్చునేవాడు. పేర్లు రాసుకోవడం, చీటీ ఇవ్వడం, కుర్చీలు చూపించడం జీతం కోసం చేసేవాడు. మనుషుల్ని కొలవడం మాత్రం తన సొంత సరదా. మెరిసే బూట్లు వస్తే లేచి నిలబడి, "నమస్కారం సార్, దయచేయండి" అనేవాడు. బూట్లకు దుమ్ముంటే లేవకుండా "చెప్పండి మాస్టారూ" అనేవాడు. రబ్బరు చెప్పులకు "ఏమయ్యా, ఏంటి సంగతి?" చాలు. ఆడవాళ్ళకు ఇంకో కొలత. భుజాన తోలు సంచీ ఉంటే మేడమ్. లేకపోతే "చెప్పమ్మా". జుట్టు నెరిసి, సంచీ గుడ్డదైతే "ఏం మామ్మా, ఒక్కదానివే వచ్చావా?"

ఇదంతా దాచుకోవాల్సిన సంగతని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. రాత్రి అన్నం దగ్గర ఆ రోజు కొలతలన్నీ మాకు వినిపించేవాడు.

"ఇవాళ ఒకాయన వచ్చాడు. చొక్కా చూస్తే మాస్టారు. గడియారం చూస్తే సార్. రెండు క్షణాలు ఆలోచించాను. ఏమన్నానో చెప్పు?"

"ఏమన్నారు?" అనేది పిన్ని, కూర వడ్డిస్తూ, వినకుండానే.

"నమస్కారం అని ఆపేశాను. సారూ లేదు, మాస్టారూ లేదు. కుర్చీలో కూర్చున్నాక ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాడు. అప్పుడు వెనక నుంచి వెళ్ళి, మంచినీళ్ళు కావాలా సార్ అన్నాను."

"మరి పెళ్ళిచూపులప్పుడు నన్నెంత కొలిచారు?"

"నిన్ను కొలవడం ఏంటే, నా ఖర్మ కొద్దీ నువ్వు దొరికావు" అని నవ్వేవాడు బాబాయి. ఆయనొక్కడే నవ్వేవాడు.

నేను ఎం.ఏ. పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ వాళ్ళింట్లో ఉన్న రోజులవి. ఆసుపత్రిలో అప్పుడే ఫోన్ల గది తెరుస్తున్నారు. డాక్టరు దగ్గరికి వచ్చే సమయం ఇకనుంచి ఫోన్లోనే ఇస్తారు. కంటి ఆపరేషన్ అయినవాళ్ళకి కూడా మర్నాటి నుంచి కొన్ని రోజులు ఇక్కడినుంచే ఫోన్ చేసి, చుక్కలు వేసుకుంటున్నారా, నొప్పి ఉందా, చూపు మసకబారిందా అని అడుగుతారు. నొప్పి పెరిగిందంటే వెంటనే రమ్మంటారు. ఆపరేషన్ చేసిన కంట్లో చీము పడితే ఆలస్యం చేయడానికి వీల్లేదు, చూపే పోవచ్చు.

"తెలుగులో ఎం.ఏ. చేసినవాళ్ళకి ఇంతకంటే ఏం దొరుకుతుంది, ఫోనెత్తి హలో అనడమేగా" అని బాబాయే నన్ను అక్కడ పెట్టించాడు. తను కూడా కౌంటర్ వదిలి ఫోన్ల గదికి వచ్చాడు. కారణం ఒక్కటే. ఆ గదికి ఇన్‌ఛార్జ్‌ను వేయబోతున్నారు. ఇన్‌ఛార్జ్‌కి మూలన అద్దాల గది, చక్రాల కుర్చీ, తలుపు మీద పేరున్న పలక. ఎవరిని వేసేదీ నెలాఖరుకు చెబుతామన్నారు పెద్ద డాక్టరుగారు. బాబాయి మాత్రం నెలాఖరు దాకా ఆగలేదు. బంధువులందరికీ చెప్పేశాడు. అల్లుడికి రెండుసార్లు చెప్పాడు. అల్లుడు బ్యాంకులో ఆఫీసరు. పండక్కి వచ్చినా పనికి వచ్చినా మామగారిని "ఇంకా కౌంటర్లోనేనా మామయ్యా?" అని అడగకుండా వెళ్ళడు. ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయేలా చేయడం తప్ప బాబాయికి ఈ లోకంలో ఇంకో కోరిక లేదు.

ఆ కుర్చీకి ఇంకో మనిషి కూడా పోటీలో ఉంది. జలుబక్క.

ఆమెకు ఎప్పుడూ జలుబు చేసినట్టు బొంగురు గొంతు. పుట్టుకతోనే అంతట. ఒకప్పుడు కౌంటర్లో బాబాయి దగ్గరే పని నేర్చుకుంది. ఫోన్లో ఆమె హలో అంటే చాలు, అవతలివాళ్ళు "నమస్తే సార్" అనేవాళ్ళు. "అన్నా, డాక్టరుగారు ఉన్నారా?" అనేవాళ్ళు. ఒకావిడైతే "ఏం బాబూ, ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?" అని కూడా అడిగింది. జలుబక్క ఎవరినీ సరిదిద్దేది కాదు. "ఉన్నారండీ, మీకేం కావాలో నాతో చెప్పండి" అని పని చూసేది. ఫోన్ పెట్టేశాక మాత్రం నావైపు తిరిగి, "ఇవాళ నాలుగోసారి మగాణ్ణయ్యాను. మీసం ఒక్కటే తక్కువ" అనేది.

మొదటి వారంలోనే పెద్ద డాక్టరుగారికి ఒక ఫిర్యాదు వచ్చింది. బాబాయి ఒకావిడకి ఫోన్ చేసి, కంట్లో శుక్లం అంటే ముసలావిడే అయ్యుంటుందని తేల్చుకుని, "ఏం మామ్మగారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు. ఆవిడకు నలభై కూడా నిండలేదు. దెబ్బ తగిలి శుక్లం వచ్చింది. ఆవిడ భర్త ఫోన్ లాక్కుని, "మామ్మ ఎవర్రా నీకు?" అన్నాడు. బాబాయి ఆ మాట ఇంట్లో చెబుతూ, "చూశావా, ఎంత కుసంస్కారమో, ముక్కూ మొహం తెలియని మనిషిని రా అంటాడా" అని బాధపడ్డాడు.

మర్నాడు పెద్ద డాక్టరుగారు గదిలోకి వచ్చి గోడ మీద ఒక కాగితం అంటించారు. ఫోనెత్తినా, మనం చేసినా ముందుగా అనాల్సింది ఇదీ: "నమస్కారమండీ. కంటాసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం." ఆపరేషన్ అయినవాళ్ళకైతే: "ఆపరేషన్ అయినవారితో మాట్లాడాలండీ, వారు దగ్గర్లో ఉన్నారా?" అంతే. సార్, మేడమ్, అమ్మా, బాబూ, అన్నా, అక్కా, పెద్దాయనా, మామ్మగారూ, ఏవీ వద్దు. పేరు తెలిస్తే పేరు చివర గారు. తెలియకపోతే అండీ, మీరు.

"మీ చేతికొచ్చే చీటీ మీద పొడి అక్షరాలూ ఇంటిపేరూ ఫోన్ నంబరూ తప్ప ఏమీ ఉండవు. వయసు, మగో ఆడో పైన కేస్ షీట్లో ఉంటాయి. కాబట్టి ఊహించకండి" అన్నారాయన.

ఆయన గది దాటగానే బాబాయి మొదలుపెట్టాడు.

"అందర్నీ ఒకే గాటన కట్టడమా? కలెక్టరుకీ అండీయే, కసువు ఊడ్చేవాడికీ అండీయే?"

"ఫోన్లో కనబడరుగా ఎవరు ఏం ఊడుస్తారో" అంది జలుబక్క.

"గొంతు ఉందిగా! గొంతు వింటే తెలియదా? ఇన్నేళ్ళ అనుభవం నాది."

"నా గొంతు విని మీరైతే ఏమంటారు?"

"నీ సంగతి వేరు. నీది జలుబు."

"పోనీ, చంటిపిల్లలు ఎత్తితే?" అన్నాడు మళ్ళీ, పట్టు వదలకుండా. "పాలు తాగే పిల్లాడికీ నమస్కారమండీయేనా?"

సరిగ్గా ఆ మధ్యాహ్నమే జలుబక్కకు అలాంటి ఫోన్ తగిలింది. స్పీకర్ పెట్టి ఉంది, మేమందరం విన్నాం. ఆమె నమస్కారమండీ అనగానే అవతలినుంచి చాలా గంభీరంగా, "నమస్కారమండీ. నేను రెండో తరగతండీ. మా నాన్న స్నానం చేస్తున్నారండీ" అని వినిపించింది. జలుబక్క నవ్వు ఆపుకుని, "సరే నాన్నా, స్నానం అయ్యాక కంటాసుపత్రికి ఫోన్ చేయమని చెబుతావా?" అంది. "చెబుతానండీ" అంది ఆ గొంతు, ఇంకా గంభీరంగా.

"చూశారా? వాడేమైనా చిన్నబోయాడా?" అంది ఆమె ఫోన్ పెట్టేసి. "తను చిన్నపిల్లాణ్ణని వాడే చెప్పాక నేను నాన్నా అన్నాను. 'మీరు' అన్నాక 'నువ్వు'లోకి దిగడం తేలిక. ముందే 'నువ్వు' అనేసి, ఆ తర్వాత 'మీరు'లోకి ఎక్కాలంటే పళ్ళు రాలతాయి."

బాబాయి నావైపు తిరిగి, "మన వాళ్ళు కాదుగా, మర్యాద అంటే తెలియదు" అన్నాడు, ఆమెకు వినిపించేంత మెల్లిగా. మర్యాద అంటే మనిషిని చూసి కొలిచి పెట్టడం అని ఆయన నిజంగానే నమ్మాడు. అందరికీ సమానంగా ఇస్తే అది మర్యాద ఎలా అవుతుందో ఆయన బుర్రకు ఎక్కదు. ఎక్కించుకునే ఉద్దేశమూ లేదు. పెద్ద డాక్టరుగారు గదిలో ఉన్నంతసేపూ గోడమీద కాగితం ప్రకారం చదివేవాడు. ఆయన వెళ్ళగానే పాత పాటే.

అలా ఉండగా ఒక చీటీ వచ్చింది. రెండు పొడి అక్షరాలు, ఇంటిపేరు, కుడి కన్ను. బాబాయి ఫోన్ చేశాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. అవతలినుంచి పీలగా, సన్నగా, "హలో" అని వినిపించింది.

"ఏం పాపా, అమ్మ ఉందా?"

అదే సన్నటి గొంతు, "ఎవరు కావాలి మీకు?" అంది.

"నీతో కాదమ్మా, ఇంట్లో ఆపరేషన్ అయినవాళ్ళున్నారుగా, వాళ్ళకివ్వు ఫోను. పరిగెత్తు, పరిగెత్తు."

ఫోన్ కట్టయింది.

"ఈ కాలం పిల్లలకి ఫోనిస్తే ఇంతే" అన్నాడు బాబాయి. చీటీ మీద 'దొరకలేదు' అని రాసి పక్కన పెట్టాడు.

మర్నాడు మళ్ళీ చేశాడు. "ఏం పాపా, నిన్న ఫోనివ్వమన్నానా? ఎందుకు పెట్టేశావు? మీ నాన్నకి చెబుతానుండు." మళ్ళీ కట్టయింది. ఆ తర్వాతి రోజు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. "పిల్ల ఆటలాడుతోంది మనతో" అని నవ్వి, ఆ చీటీని అడుక్కి తోసేశాడు.

మూడో రోజుకీ దొరకనివాళ్ళ చీటీలన్నీ ఆ సాయంత్రం జలుబక్క దగ్గరికి వెళతాయి. ఆమె ఆ నంబరుకు తన సెల్‌ఫోన్ నుంచి చేసింది. ఎత్తారు.

"నమస్కారమండీ. కంటాసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం. ఆపరేషన్ అయినవారితో మాట్లాడాలండీ. వారు దగ్గర్లో ఉన్నారా?"

ఆ సన్నటి గొంతు, "నేనేనండీ" అంది.

"మంచిదండీ. ఎలా ఉంది కన్ను?"

"నిన్న పొద్దుటి నుంచి నొప్పండీ. రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడు సరిగా కనిపించడం కూడా లేదు. మంచు పట్టినట్టు ఉంది."

జలుబక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. "మీరు ఇప్పుడే బయల్దేరి రావాలండీ. ఎవరైనా తోడున్నారా? లేకపోతే మా వాళ్ళని పంపిస్తాను."

"వస్తానండీ. పక్కింటాయన ఉన్నాడు." కాస్త ఆగి, "నిన్ననే చెబుదామనుకున్నానండీ. మీవాళ్ళెవరో ఫోన్ చేసి పాప అన్నారు. మొన్నయితే అమ్మకిమ్మన్నారు. మా అమ్మ పోయి చాలా కాలమైంది. పుట్టిన దగ్గర్నుంచీ నా గొంతు ఇంతేనండీ, ఫోన్లో అందరూ ఆడపిల్లననే అనుకుంటారు. అలవాటే. కానీ కంట్లో నొప్పి పెట్టుకుని మళ్ళీ నేను పాపను కానని చెప్పుకోబుద్ధి కాలేదు" అన్నారాయన.

అది ఆయన చేసిన తప్పు, నిజమే. నొప్పి ఉన్నప్పుడు ఎవరేమన్నా చెప్పి తీరాలి. కానీ ఏ మనిషికైనా ఒక రోజు వస్తుంది, అప్పుడు ఇక చాలనిపిస్తుంది. ఆ రోజు ఫోన్ చేసింది మా బాబాయి కావడం ఆయన దురదృష్టం.

ఆయన వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఫోన్ల గది ఎదురుగా నడవా, నడవా చివర లిఫ్టు. బాబాయి టీ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నిటారుగా, భారీగా, మంచి మీసంతో ఒకాయన నడిచి వస్తున్నారు. చేతిరుమాలుతో కుడి కన్ను మూసుకున్నారు. వేసుకున్న చొక్కా భుజం మీద ఎక్కడా ముడత లేదు, కాలరు గీత గీసినట్టు ఉంది. బాబాయి కళ్ళు కిందినుంచి పైకి ఒక్క పరుగు పరిగెత్తాయి. టీ గ్లాసు కిటికీలో పెట్టేసి, రెండు చేతులూ జోడించి, ఎదురు వెళ్ళాడు.

"నమస్కారం సార్! దయచేయండి సార్, ఇటు దయచేయండి. మెట్లు వద్దు, లిఫ్టు పిలుస్తాను."

ఆయన ఆగారు. మూయని కన్నుతో బాబాయిని కాసేపు చూశారు.

"పాపా అన్నది మీరేనా?" అన్నారు.

ఆ పీల గొంతు ఆ భారీ మనిషిలోంచి రావడంతో బాబాయి జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. జలుబక్క వచ్చి, "ఇటు రండి" అని ఆయన్ను లోపలికి తీసుకెళ్ళిపోయింది.

రాత్రికి రాత్రే మందు ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చూపు దక్కేది కాదన్నారు పెద్ద డాక్టరుగారు. ఇప్పుడు దక్కుతుంది, కానీ చాలాకాలం సన్నపని ఏదీ చేయకూడదు. ఆ తర్వాత బాబాయిని పిలిపించారు. తిట్టలేదు. ఆయన తిడితే బాగుండేదని నాకనిపించింది.

"రేపు పొద్దున నేను వార్డుకి వెళ్ళేటప్పుడు మీరూ రండి" అన్నారు. "ఆయన దగ్గర నిలబడి, నమస్కారమండీ, ఫోన్లో పొరపాటు జరిగింది, ఏమీ అనుకోకండి అని చెప్పండి. అంతే. ఎవరికైనా జరిగే పొరపాటే. అది సరిదిద్దుకోగలిగితే ఇన్‌ఛార్జ్ మీరే. ఇన్నేళ్ళ పని ఉంది మీకు. సాయంత్రానికల్లా కాగితం ఇస్తాను."

ఒక్క మాట. ఫోన్ల గదిలో మేము రోజంతా అనే మాట. దానికి అద్దాల గది, చక్రాల కుర్చీ, అల్లుడి నోరు మూత. ఇంతకంటే చవకబేరం ఈ ప్రపంచంలో ఎవరికీ దొరకదు.

కానీ ఆ రాత్రి ఇంటికి బయల్దేరే ముందు బాబాయి వార్డు ఆయాను పట్టుకుని ఆ మనిషి ఏం చేస్తాడో తెలుసుకున్నాడు. దాంతో మొత్తం చెడింది.

"టైలరట!" అన్నాడు, ఇంట్లో చెప్పులు విప్పకముందే. "మిషను తొక్కుకునేవాడు! వాడికా నేను చేతులు జోడించింది!"

"కన్ను ఎలా ఉందట?" అని అడిగింది పిన్ని.

"ఉంది, ఉంది. ఆ చొక్కా చూసి మోసపోయాను. నువ్వు చూడలేదు కాబట్టి అలా అంటున్నావు. ఆఫీసర్లకు కూడా అలా కుదరదు చొక్కా. ఎక్కడిదిరా ఇతనికింత మంచి చొక్కా అని అప్పుడే అనుకోవాల్సింది. కుట్టుకున్నాడు!"

"టైలరన్నాక కుట్టుకోక ఏం చేస్తాడండీ? పక్కవాడి దగ్గర కుట్టిస్తాడా?"

"సార్ అన్నాను. ఒకసారి కాదు. దయచేయండి కూడా అన్నాను. లిఫ్టు పిలుస్తానన్నాను!"

నాకప్పుడు అర్థమైంది, ఆయన బాధంతా దేని గురించో. ఆ మనిషి ముందు రాత్రంతా నొప్పితో పడుకోలేదు. సూదీ దారమే బతుకైన మనిషి కంటికి ఇంకా ఎన్నాళ్ళు కట్టు ఉంటుందో తెలియదు. బాబాయి మాత్రం తన నోటినుంచి జారిపోయిన ఒక సార్ గురించి కుమిలిపోతున్నాడు, జేబులోంచి పర్సు పడిపోయినట్టు.

"సరే, జరిగిందేదో జరిగింది" అంది పిన్ని. "రేపు నమస్కారమండీ అని, ఆ నాలుగు మాటలూ అని వచ్చేయండి. అది సార్ కాదు, బాబూ కాదు. ఎవరికైనా అనొచ్చు. నోరేం అరిగిపోదు."

"అంటాను. అననన్నానా?"

పొద్దున స్నానాల గదిలోంచి ఆయన సాధన వినిపించింది. నమస్కారమండీ. గొంతు సవరించుకుని మళ్ళీ, నమస్కారమండీ. పిన్ని నన్ను చూసి పైకి దండం పెట్టింది, దేవుడా ఒక్కసారి అనిపించు అన్నట్టు.

వార్డులో ఆయన మంచం కిటికీ పక్కన ఉంది. కంటికి కట్టు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన వదులు చొక్కా. మంచం కింద రబ్బరు చెప్పులు. మందుల చీటీలు అందించడానికి నేనూ జలుబక్కా డాక్టరుగారి వెనకే ఉన్నాం.

"ఎలా ఉందండీ?" అన్నారు డాక్టరుగారు.

"నొప్పి తగ్గిందండీ" అన్నారాయన, అదే సన్నటి గొంతుతో.

డాక్టరుగారు పక్కకు జరిగి బాబాయికి దారిచ్చారు. బాబాయి ఒక అడుగు ముందుకు వేశాడు. చేతులు సగం లేచాయి. నోటిదాకా వచ్చింది, నేను చూశాను, పెదవులు 'న' కోసం విచ్చుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడు ఆయన చూపు, ఎప్పటి అలవాటు కొద్దీ, కిందికి పోయింది. రబ్బరు చెప్పుల మీద ఆగింది.

చేతులు మళ్ళీ దిగిపోయాయి.

"ఏమయ్యా" అన్నాడు. "తగ్గిందా? ఫోన్లో ఏదో మాట అన్నానని మనసులో పెట్టుకున్నావట."

పక్క మంచం మీద ముసలాయన ఇటు తిరిగాడు.

"నీ గొంతు అలా ఉంటే నేనేం చేస్తాను, చెప్పు" అన్నాడు బాబాయి. ఈసారి కాస్త ధైర్యంగా, లోకం తనవైపే ఉందన్న నమ్మకంతో. "పెద్దవాణ్ణి, ఒక మాట అంటే పడాలి. దానికి ఫోన్ పెట్టేసుకుని కన్ను పాడు చేసుకుంటారా ఎవరైనా?"

"వయసు సంగతైతే, ఆయనే మీకంటే పెద్ద. కేస్ షీట్లో ఉంది" అన్నారు పెద్ద డాక్టరుగారు, చాలా మెల్లిగా.

బాబాయి ఆ మాట విననట్టు కిటికీ వైపు చూశాడు.

టైలరుగారు దిండు మీద కాస్త పైకి జరిగారు. "డాక్టరుగారూ, ఈయన్ని పంపించేయండి. నాకు ఈయన దగ్గర్నుంచి రావాల్సిందేమీ లేదు" అన్నారు. తర్వాత జలుబక్క ఉన్నవైపు తల తిప్పి, "నిన్న ఫోన్ చేసింది మీరేగా? మీ గొంతు గుర్తుపట్టాను. చుక్కలు మళ్ళీ ఎప్పుడు వేస్తారండీ?" అని అడిగారు.

"ఇప్పుడేనండీ" అంది జలుబక్క.

సాయంత్రం కాగితం వచ్చింది. ఇన్‌ఛార్జ్ జలుబక్క. బాబాయికి మళ్ళీ కౌంటర్ కూడా ఇవ్వలేదు. వెనకవైపు స్టోర్లో, మందుల పెట్టెలు దించుకునే చోట వేశారు. అక్కడికి మనుషులు రారు, పెట్టెలే వస్తాయి. జీతం తగ్గించలేదు. ఆ కారణం చెప్పి ఎవరి దగ్గరా ఏడవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

మూడు రోజులు ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తలేదాయన. నాలుగో రోజు పిన్ని వంటింట్లో ఉండగా మోగుతూనే ఉంది. నేను ఎత్తబోతుంటే లాక్కున్నాడు. అల్లుడు. అవతలి గొంతు గదంతా వినిపిస్తోంది.

"ఏం మామయ్యా! ఇన్‌ఛార్జ్‌గారు ఫోన్లు కూడా ఎత్తడం మానేశారే!"

బాబాయి ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ఛాతీ విరుచుకున్నాడు, అవతలివాళ్ళకు కనబడుతున్నట్టు.

"నేనే వద్దన్నానయ్యా. బతిమాలారు, కాదన్నాను. అక్కడ మనిషి విలువ తెలిసినవాడు ఒక్కడూ లేడు. టైలరుకీ డాక్టరుకీ ఒకే పలకరింపట. అలాంటి చోట ఇన్‌ఛార్జ్ అయి ఏం లాభం చెప్పు?"

వంటింట్లో పిన్ని నవ్వు ఆపుకోవడానికి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో కూడా ఆ నవ్వు వినిపించింది. అల్లుడు కూడా వినే ఉంటాడు. ఆ వెంటనే అడిగాడు:

"మరి ఇంకా కౌంటర్లోనేనా మామయ్యా?"

బాబాయి ఫోన్ పెట్టేశాడు.